మూడు ఖండాల మీటింగుకు గూగుల్ క్యాలెండర్: రెండేళ్లు వాడాక

అనంతపురం, లండన్, డల్లాస్. మనుషులు ఈ మూడు చోట్లా ఉన్న చిన్న టీముకు వారం వారం మీటింగు పెట్టడానికి రెండేళ్లుగా వాడుతున్నది గూగుల్ క్యాలెండర్. టైము వెతకడానికి మాత్రం timeanddate.com లోని Meeting Planner. రెండూ ఉచితమే. ఒకటి చేసే పని ఇంకోటి చేయదు కాబట్టి రెండూ కావాలి.

ముందు వెతకడం సంగతి. ప్లానర్‌లో మూడు ఊళ్లూ, ఒక తేదీ ఇస్తే గంటగంటకూ ఒక వరుస వస్తుంది. పని వేళలు పచ్చగా, నిద్ర వేళలు ఎర్రగా, మధ్యవి పసుపుగా కనిపిస్తాయి. మన అరగంట తేడాను సరిగ్గానే చూపిస్తుంది, అనంతపురం గడుల్లో 5:30, 6:30 అనే పడతాయి. చిక్కంతా ఆ తేదీ దగ్గరే ఉంది. జూన్ తేదీ ఇచ్చి చూసిన పట్టిక డిసెంబరుకు పనికిరాదు.

లెక్క వేసి చూద్దాం. డల్లాస్ వాళ్ల పని ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా. లండన్‌లో 9 నుంచి 5:30. అనంతపురంలో ఉదయం 10 నుంచి రాత్రి 7. జూన్‌లో ఈ ముగ్గురికీ కలిసేది అరగంటే: డల్లాస్ ఉదయం 8:00, లండన్ మధ్యాహ్నం 2:00, అనంతపురం సాయంత్రం 6:30. డిసెంబరులో ఆ అరగంట కూడా ఉండదు. చలికాలానికి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు, మనది కదలదు. డల్లాస్‌లో 8 కొట్టేసరికి ఇక్కడ 7:30. అంటే చలికాలమంతా ఇక్కడివాళ్లు ఓ గంట ఎక్కువ కూర్చోవాలి, లేదా డల్లాస్ వాళ్లు 7 గంటలకే లేచి కూర్చోవాలి. ఏ యాప్ వాడినా ఈ గంటను పుట్టించలేదు. ఎవరు ఇవ్వాలో మనుషులే తేల్చుకోవాలి.

తేల్చుకున్నాక క్యాలెండర్‌లో పెట్టేటప్పుడు అందరూ దాటేసే ఒక గడి ఉంది. మీటింగు వేళ పక్కన Time zone అని చిన్న లింకు ఉంటుంది. దాన్ని ముట్టకపోతే మీటింగు పెట్టినవారి టైమ్‌జోన్‌కే కట్టుబడుతుంది. వారం వారం వచ్చే మీటింగుకు అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఏ ఊరికి కడితే ఆ ఊళ్లో టైము ఏడాది పొడుగునా మారదు, మిగతా ఊళ్లే జరుగుతాయి.

అనంతపురం నుంచి ఎవరైనా 6:30కి పెట్టి ఊరుకుంటే నవంబరులో డల్లాస్‌కు అది ఉదయం 7:00 అవుతుంది. వాళ్లు రాకపోతే తప్పు వాళ్లది కాదు. లండన్‌కు కడితే ఇంకో ఇబ్బంది. అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. 2026లో అయితే మార్చి 8, మార్చి 29. ఉగాది మార్చి 19న వచ్చింది, అంటే సరిగ్గా ఆ మూడు వారాల మధ్యలో. ఆ రోజుల్లో లండన్ 2:00కి కట్టిన మీటింగు డల్లాస్‌లో 9:00కి పడుతుంది, ఇక్కడ ఇంకా చలికాలపు 7:30కే ఉంటుంది. తిరిగి అక్టోబరు 25కి బ్రిటన్, నవంబరు 1కి అమెరికా వెనక్కి వెళ్తాయి కాబట్టి అప్పుడూ ఒక వారం ఇదే తంతు.

డల్లాస్‌కు కట్టడమే మంచిదని మా తీర్పు. అందరికంటే ఇరుకు అంచున ఉన్నది వాళ్ల ఉదయం 8. అలా కడితే ఇక్కడ ఏడాదికి రెండుసార్లే మారుతుంది, మార్చి 8 నుంచి 6:30, నవంబరు 1 నుంచి 7:30. లండన్‌వాళ్లకు ఆ మూడు వారాలూ, ఈ ఒక్క వారమూ 2:00 బదులు 1:00 అవుతుంది, భోజనం వేళ. అది ముందే చెప్పి పెట్టుకుంటే సరిపోతుంది.

జోన్ ఎంచుకునేటప్పుడు జాబితాలో ఊరి పేరున్న వరుసనే పట్టుకోవాలి. డల్లాస్ పేరు దొరకదు, దాని టైము America/Chicago లో ఉంటుంది, జాబితాలో చికాగో పేరుతో వెతకాలి. లండన్‌కు లండన్ అనే తీసుకోవాలి. ఉత్త GMT తీసుకుంటే అది ఎండాకాలంలో కదలదు, మార్చి చివర నుంచి గంట తేడా కొడుతుంది. చలికాలంలో పెట్టినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. పట్టుకునే దారి సులువే. మీటింగును ఒకసారి పెట్టాక క్యాలెండర్‌ను ముందుకు జరిపి నాలుగు వారాలు చూడాలి: ఫిబ్రవరిలో ఒకటి, మార్చి మధ్యలో ఒకటి, జూన్‌లో ఒకటి, అక్టోబరు చివరి వారం ఒకటి. నాలుగింటిలోనూ కట్టిన ఊరి టైము ఒకటే ఉంటే జోన్ సరిగ్గా పడినట్టు.

అలా చూడటానికి Settings లో Display secondary time zone టిక్ చేసుకోవాలి. వారం చూపులో ఎడమవైపు రెండో టైము నిలువుగా వస్తుంది. పక్కన పేరు రాసుకునే గడి కూడా ఉంది. అందులో CST అని కాకుండా డల్లాస్ అని రాసుకోండి, చైనా టైమునూ CST అనే అంటారు. మన IST కూడా అంతే, ఐర్లాండుకూ ఇజ్రాయెల్‌కూ అదే పొట్టిపేరు. ఈ సదుపాయంలో పెద్ద లోటు ఏమిటంటే, మనది కాక ఇంకొక్క జోన్‌కే చోటుంది. మూడో ఊరికి World clock పెట్టుకోవచ్చు గానీ, రాబోయే వారాల గళ్ల పక్కన నిలువుగా మూడో వరస మాత్రం రాదు. రెండు ఖండాలవాళ్లకు ఇది పూర్తి మార్కుల సదుపాయం, మూడు ఖండాలవాళ్లకు ముప్పాతిక.

అందుకే ఆహ్వానం వివరణలో మూడు టైములూ చేత్తో రాయడం మానలేదు. వాట్సాప్‌లో పెట్టేదీ ఇదే:

```
సోమవారం, 16 మార్చి 2026
డల్లాస్     ఉదయం 8:00
లండన్      మధ్యాహ్నం 1:00
అనంతపురం  సాయంత్రం 6:30
```

అర్ధరాత్రి దాటే మీటింగులకు మాత్రం వారం పేరు ప్రతి వరుసలోనూ రాయాలి. జూన్‌లో డల్లాస్‌వాళ్లు సోమవారం మధ్యాహ్నం 2:00 అన్నారనుకోండి. లండన్‌లో సోమవారం రాత్రి 8:00. ఇక్కడ మనం మాటల్లో "సోమవారం రాత్రి పన్నెండున్నర" అంటాం, పడుకునే దాకా మనకది సోమవారమే. క్యాలెండర్‌కు అది మంగళవారం 12:30 AM. సోమవారం గడి అడుగున వెతికితే దొరకదు, మంగళవారం గడిలో అన్నిటికంటే పైన ఉంటుంది. దాన్ని చూసి మంగళవారం రాత్రికి అలారం పెట్టుకుంటే మీటింగు అయిపోయి ఇరవై నాలుగు గంటలు. కాబట్టి "సోమవారం రాత్రి తెల్లవారితే మంగళవారం, 12:30" అని పూర్తిగా రాయడమే నయం. పొడుగైనా ఇద్దరికి రెండు అర్థాలు రావు.