లూప్ సమీకరణాల్లో సైన్ తప్పులు: కీ పట్టుకుని దిద్దడమా, విద్యార్థి బొమ్మ పట్టుకుని దిద్దడమా?

చేత్తో గీసిన సర్క్యూట్ బొమ్మ, పక్కన కిర్కాఫ్ లూప్ సమీకరణాలు. ఇలాంటి జవాబులో ప్లస్, మైనస్ తప్పులు వెతకడానికి మూడు దారులున్నాయి. కీలో ఉన్న సమీకరణాలతో పోల్చి చూడడం ఒకటి. విద్యార్థి గీసిన బాణాల వెంట నడుస్తూ ఒక్కో పదాన్నీ చూడడం రెండోది. చివర్లో వచ్చిన కరెంట్ విలువలు పెట్టి పవర్ లెక్క కుదిరిందో లేదో చూడడం మూడోది. నా ఓటు రెండోదానికి. ఎందుకో ఒకే సర్క్యూట్ మీద చూద్దాం.

ఎడమ పక్క 12 వోల్టుల బ్యాటరీ, దాని ప్లస్ పైకి. పైన ఎడమవైపు 2 ఓమ్‌ల రెసిస్టర్, మధ్య కొమ్మలో 3 ఓమ్‌లు, పైన కుడివైపు 2 ఓమ్‌లు. కుడి పక్క 4 వోల్టుల బ్యాటరీ, దాని ప్లస్ కూడా పైకే. రెండు లూపుల్లోనూ కరెంట్ సవ్యదిశలో తీసుకుంటే కీలో ఇలా ఉంటుంది:

```
12 - 2*I1 - 3*(I1 - I2) = 0
3*(I1 - I2) - 2*I2 - 4 = 0
I1 = 3 A, I2 = 1 A
```

ఒక విద్యార్థి రెండో లూప్‌లో బాణాన్ని అపసవ్యదిశలో గీశాడనుకోండి. అప్పుడు మధ్య రెసిస్టర్‌లో రెండు కరెంట్లూ కిందికే వెళ్తాయి. అతను రాసేది ఇది:

```
12 - 2*I1 - 3*(I1 + I2) = 0
4 - 2*I2 - 3*(I1 + I2) = 0
I1 = 3 A, I2 = -1 A
```

కీ పక్కన పెట్టి చూస్తే ఇందులో చాలా గుర్తులు తారుమారుగా కనిపిస్తాయి. రెండు చోట్లా మైనస్ ఉండాల్సిన దగ్గర ప్లస్ ఉంది, 4కి గుర్తు మారింది, చివరి జవాబు కూడా మైనస్. కీ మీదే ఆధారపడితే ఈ జవాబుకు సగం మార్కులు కూడా రావు. కానీ ఇందులో ఒక్క తప్పూ లేదు. I2 మైనస్ 1 అంటే, అసలు కరెంట్ అతను గీసిన బాణానికి ఎదురుగా పోతోందని అర్థం, అంతే.

దీనికి తలకిందులైన కేసు ఇంకా ప్రమాదకరం. బొమ్మలో I2 బాణం అపసవ్యదిశలో ఉంది, పక్కన సమీకరణాలు మాత్రం కీలో ఉన్నట్టే సవ్యదిశవి. జవాబు I2 = 1 అని వచ్చింది. కీతో అక్షరం అక్షరం కలుస్తుంది కాబట్టి ఫుల్ మార్కులు పడిపోతాయి. నిజానికి ఆ సమీకరణాలకూ ఆ బొమ్మకూ సంబంధమే లేదు. విద్యార్థి పద్ధతిని బట్టీ పట్టి రాశాడు, బాణాన్ని పట్టించుకోలేదు. మనం పట్టుకోవాలనుకున్న తప్పే ఇది, కీతో పోలిస్తే ఇదే జారిపోతుంది.

పవర్ లెక్క ఇక్కడ బాగా పనిచేస్తుంది. సరైన జవాబులో 12 వోల్టుల బ్యాటరీ 36 వాట్లు ఇస్తుంది, 4 వోల్టుల బ్యాటరీ ఛార్జ్ అవుతూ 4 వాట్లు తీసుకుంటుంది, మిగిలినవి 32. రెసిస్టర్లలో 18, 12, 2 కలిపితే అదే 32. ఇప్పుడు పై విద్యార్థి బాణాలనే నమ్మి I1 = 3, I2 = 1 పెట్టండి. బ్యాటరీలు రెండూ కలిసి 40 వాట్లు ఇస్తాయి. మధ్య రెసిస్టర్‌లో 4 ఆంపియర్లు పోవాలి కాబట్టి ఖర్చు 18, 48, 2 కలిపి 68. లెక్క తప్పింది, ఎక్కడో గుర్తు తేడా ఉందని తెలిసిపోయింది. ఏ పదంలో అన్నది మాత్రం తెలియలేదు. పైగా గుర్తులన్నీ సరిగ్గా రాసి, సాధించేటప్పుడు కూడికలో పొరపాటు చేసినా ఈ లెక్క తప్పుతుంది. కాబట్టి ఇది అనుమానం తీర్చుకోవడానికే పనికొస్తుంది, మార్కులు వేయడానికి చాలదు.

ఇక బొమ్మ వెంట నడవడం. సమీకరణాలు చదవకముందే పెన్సిల్ తీసుకుని, విద్యార్థి బొమ్మ మీదే, అతని బాణాల ప్రకారం ప్రతి రెసిస్టర్‌కీ కరెంట్ లోపలికి వెళ్లే చివర ప్లస్, బయటికి వచ్చే చివర మైనస్ పెట్టాలి. మధ్య రెసిస్టర్‌కు రెండు లూపుల తరఫునా రెండు జతలు వస్తాయి. తర్వాత అతను లూప్‌ను ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడి నుంచి వేలు కదుపుతూ వెళ్లాలి. ప్లస్ నుంచి మైనస్‌కు దాటితే వోల్టేజ్ తగ్గుదల, మైనస్ నుంచి ప్లస్‌కు దాటితే పెరుగుదల. కొందరు పెరుగుదలకు ప్లస్ రాస్తారు, కొందరు తగ్గుదలకు రాస్తారు. మొదటి పదం చూసి అతని అలవాటు ఏదో పట్టుకుంటే చాలు. అన్ని గుర్తులూ ఒకేసారి తిరగబడి ఉంటే అది తప్పు కాదు. ఒకే సమీకరణం మధ్యలో అలవాటు మారితే అది తప్పు.

చేత్తో గీసిన బొమ్మలో అసలు తలనొప్పి బ్యాటరీ గుర్తే. పొడుగు గీత ప్లస్, పొట్టి గీత మైనస్ అని అందరికీ తెలుసు, కానీ తొందరలో రెండు గీతలూ దాదాపు సమానంగా పడతాయి. పక్కన + అని రాసి ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకోవాలి, అది కావాలని పెట్టిన గుర్తు కాబట్టి. కుడి బ్యాటరీని తిరగేసి గీసి, సవ్యదిశలోనే నడిచి +4 అని రాసినవాడికి I1 = 4.5, I2 = 3.5 వస్తాయి. అతను ప్రశ్నలోని సర్క్యూట్‌ను తప్పుగా ఎక్కించుకున్నాడు, తన బొమ్మకు సమీకరణాలు మాత్రం సరిగ్గా రాశాడు. అక్కడ బొమ్మకు ఒక మార్కు పోవాలి, సమీకరణాలకు పోకూడదు. బొమ్మ సరిగ్గా గీసి +4 రాసినవాడికి వచ్చే విలువలూ ఇవే, కానీ అతని తప్పు సమీకరణంలో ఉంది. చివరి విలువలు ఒకటే అయినా తప్పులు వేరు. ఈ తేడా బొమ్మ వెంట నడిస్తేనే తెలుస్తుంది.

ఈ పద్ధతికి టైమ్ ఎక్కువ పడుతుందన్నది నిజమే. దాన్ని తగ్గించే చిట్కా ఒకటుంది. ప్రతి సమీకరణాన్నీ దాని సొంత కరెంట్ గుణకం ప్లస్ అయ్యేలా మనసులో సర్దుకుని చూడండి: 5*I1 - 3*I2 = 12, -3*I1 + 5*I2 = -4. ఉమ్మడి రెసిస్టర్ గుణకం రెండు చోట్లా ఒకే గుర్తుతో రావాలి. ఒక చోట +3, ఇంకో చోట -3 ఉంటే ఎక్కడో తప్పుందని అక్కడికక్కడే తెలిసిపోతుంది. రెండు చోట్లా గుర్తు ఒకటే అయినా బాణాలు చూడక తప్పదు. రెండు చోట్లా +3 ఉంటే రెండు బాణాలూ మధ్య కొమ్మలో ఒకే వైపు పోతుండాలి, రెండు చోట్లా -3 ఉంటే ఎదురెదురుగా ఉండాలి, లేకపోతే తప్పు. వేరే చోటి కరెంట్ మీదో వోల్టేజ్ మీదో ఆధారపడే సోర్స్ ఉన్న సర్క్యూట్లలో ఈ చిట్కాను నమ్మొద్దు, అక్కడ గుణకాలు సమానంగా ఉండాలన్న నియమం లేదు.

బాణాలు ఎదురెదురుగా ఉన్నా రెండు సమీకరణాల్లోనూ I1 + I2 రాసినవాడికి రెండు సార్లు మార్కు కోయడం నాకు సరికాదనిపిస్తుంది. అతను మధ్య కొమ్మను ఒకసారే తప్పుగా చదివాడు, దాన్నే రెండు చోట్లా వాడాడు. మొదటి చోట కోసి, రెండో చోట "అదే తప్పు" అని రాసి వదిలేయాలి. బాణాలే గీయకపోతే దానికి ఒక మార్కు తీసేసి, మధ్య రెసిస్టర్ పదాన్ని మొదట ఎలా రాశాడో చూసి దిశ ఊహించుకుని, మిగతాదంతా ఆ దిశ ప్రకారమే దిద్దాలి.