ఎడిటర్‌కి మెయిల్: "మీ ఇష్టం" అనడం మేలా, షాట్లు చెప్పడం మేలా?

విశాఖలో ఏటికొప్పాక బొమ్మలు అమ్మే కొట్టు ఉందనుకుందాం. సంక్రాంతికి 45 సెకన్ల రీల్ కావాలి. యజమాని ఫోన్‌లో 40 నిమిషాల ఫుటేజ్ తీశారు. కొంత ఏటికొప్పాకలో లేత్ దగ్గర, కొంత కొట్లో. ఇలాంటి పనికి ఎడిటర్లమైన మాకు రెండు రకాల మెయిళ్లు వస్తుంటాయి.

మొదటి రకం: "ఫుటేజ్ అంతా డ్రైవ్‌లో పెట్టాను. ట్రెండీగా, మంచి ఫీల్‌తో మీ ఇష్టం వచ్చినట్టు చేయండి. పండక్కి ముందు కావాలి." రాయడం తేలికే. కానీ ఆ 40 నిమిషాల్లో ఏది ముఖ్యమో ఎడిటర్‌కి ఎలా తెలుస్తుంది? తిరుగుతున్న చెక్కకి లక్క కర్ర ఆనించగానే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టేస్తుంది. ఆ బొమ్మకున్న ప్రత్యేకతంతా అక్కడే ఉంది. తెలియని ఎడిటర్ దాన్ని వదిలేసి, మెరిసే బొమ్మల వరసే చూపిస్తాడు. అప్పుడు "ఇది కాదండీ" మొదలవుతుంది.

రెండో రకం ఇలా ఉంటుంది:

"IMG_4127లో 2:10 నుంచి 2:25 వరకు లక్క పట్టించడం ఉంది, అది తప్పనిసరి. IMG_4133 వద్దు, వెనక పక్క కొట్టు బోర్డు పడింది. లేత్ శబ్దం వినబడాలి. నమూనాగా పంపిన వీడియో లింకులో నాకు నచ్చింది రంగులు, వేగం కాదు. చివర్లో చిరునామా 3 సెకన్లు. మొదటి కట్ జనవరి 3న, నా మార్పులన్నీ 5న ఒకేసారి, ఫైనల్ 8న."

దీనికి ఓ సాయంత్రం కూర్చుని ఫుటేజ్ చూసుకోవాలి. అయినా నా ఓటు దీనికే. "ట్రెండీ" అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. లింకు ఇచ్చినా అందులో ఏం నచ్చిందో చెప్పకపోతే అదే చిక్కు.

అయితే "0 నుంచి 3 ఇది, 3 నుంచి 5 అది" అని సెకన్లు లెక్కగట్టి రాయొద్దు. 15 సెకన్ల షాట్‌ని ఎక్కడ కోస్తే పట్టు నిలుస్తుందో కత్తిరించేటప్పుడే తెలుస్తుంది. మీకు ఇదివరకే నాలుగైదు వీడియోలు చేసిన ఎడిటరైతే మొదటి రకం మెయిలైనా సరిపోతుంది.

ఏ మెయిలైనా, ఫోన్ ఎలా పట్టుకుని తీశారో తప్పక రాయండి. అడ్డంగా 4కేలో తీసినదాన్ని రీల్ కోసం నిలువుగా కోస్తే 1215 పిక్సెళ్ల వెడల్పు మిగులుతుంది, రీల్‌కి కావాల్సింది 1080 కాబట్టి ఇబ్బంది లేదు. ఫుల్ హెచ్‌డీ అయితే 608 దగ్గరే ఆగుతుంది, సాగదీస్తే మసకబారుతుంది. దాన్ని కూడా వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే కుదించేస్తుంది, ఇంకా పాడవుతుంది. ఒరిజినల్ ఫైళ్లే డ్రైవ్‌లో పెట్టండి.

గడువులో చాలామంది ఫైనల్ తేదీ ఒక్కటే రాస్తారు. పని ఎక్కువగా ఆగిపోయేది మీ మార్పుల కోసం ఎదురుచూసే రోజుల్లోనే. అందుకే ఆ 5వ తేదీని మెయిల్‌లో మీరే రాసుకోండి.