జనం మధ్య తీసిన కట్టడం ఫోటో: మనిషిని చెరిపేశాక వెనకున్న రాతిగోడ

రద్దీ కట్టడం దగ్గర ఖాళీ గోడ కావాలంటే కెమెరాను స్టాండుకు బిగించి, కాసేపు ఆగి ఆగి పది పన్నెండు ఫోటోలు తీయడం ఒక పద్ధతి. వాటిని ఫోటోషాప్‌లో `File > Scripts > Statistics`కు ఇచ్చి Median ఎంచుకుంటే నడిచిపోయేవాళ్లు మాయమవుతారు. అయితే గోడలో ప్రతి చోటూ సగానికి పైగా ఫోటోల్లో ఖాళీగా కనిపించి ఉండాలి. గోడకు ఆనుకుని కదలకుండా నిలబడ్డ మనిషి దీనికి లొంగడు. పైగా చాలాచోట్ల స్టాండు అనుమతించరు.

అప్పుడిక గోడను మళ్లీ కట్టాల్సిందే. పక్కవాటుగా తీసిన ఫోటోలో ఒక మనిషి ఐదు రాతి వరుసలకు అడ్డంగా ఉన్నాడనుకుందాం. అతని చుట్టూ కాస్త వెడల్పుగా, నేలమీది నీడతో సహా, గీత గీసి Content-Aware Fill వాడితే రాళ్ల గరుకు బాగానే వస్తుంది కానీ రాళ్ల మధ్య అతుకులు కరిగిపోయినట్టు వంకర్లు పోతాయి. చూసేవాళ్లకు మొదట దొరికిపోయేది అక్కడే. కాబట్టి పని అతుకులతోనే మొదలవ్వాలి.

కొత్త లేయర్ మీద, మనిషికి ఎడమన ఆగిన ప్రతి అడ్డ అతుకునూ కుడివైపు దాని కొనసాగింపుతో సన్నని గీతతో కలపండి. పక్కవాటు ఫోటోలో ఈ గీతలు సమాంతరంగా ఉండవు, దూరం వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. నిలువు అతుకులు కింది వరుసవాటి మీదే పడకుండా జరిపి పెట్టండి. తర్వాత గీతల లేయర్‌ను దాచి, మరో ఖాళీ లేయర్ మీద `Filter > Vanishing Point` తెరిచి, గడిని రాతి వరుసలకు సరిగ్గా అమర్చి స్టాంప్ పరికరంతో పూరించండి. దగ్గరి రాయిని దూరానికి తెచ్చినా అదే తగినంత చిన్నదవుతుంది. ఏ వరుస రాయిని ఆ వరుసలోంచే, ఒక్కో రాయికి ఒక్కో చోటు నుంచి తీసుకోవాలి. బ్రష్ అంచు మరీ మెత్తగా ఉంటే గరుకు మసకబారుతుంది. రాయిని అద్దంలోలా తిప్పి వాడకండి: ఎగుడుదిగుళ్ల నీడలు మిగతా గోడ మీది నీడలకు ఎదురు దిక్కున పడతాయి.

చివరగా వెలుగు. గోడ ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా చీకటి పడుతుంటుంది, అందుకే పూరించిన లేయర్‌కు మాత్రమే Curves తగిలించి సరిచేయాలి. ఫోటోను బాగా చిన్నది చేసి చూస్తే ఒకే మచ్చ రెండుసార్లు ఉందేమో బయటపడుతుంది. నిజం చెప్పాలంటే, చాలామంది 100 శాతంలోనే చూసుకుని ఇది వదిలేస్తారు.

ఈ పనిని డబ్బిచ్చి ఎవరికైనా అప్పగిస్తే లేయర్లున్న PSD ఫైలు అడగండి. అతుకులు తప్పితే దిద్దించుకోవచ్చు. మనిషి వెనక శిల్పమో శాసనమో ఉంటే ఏ పనివాడైనా ఊహించి గీయాల్సిందే, అది కట్టడంలో లేనిదవుతుంది. అలాంటి ఫోటోను కత్తిరించుకోవడమో, మనిషి పక్కకు జరిగాక అక్కడి నుంచే ఇంకొకటి తీసి ఆ ముక్కను దీనిమీద పరచడమో మేలు.