ఆగితే సున్నా, తిరిగితే 300 కేజీలు: సెమీ కంటిన్యువస్ వేరియబుల్‌తో మూడేళ్లు

జీడిమెట్లలో మాది చిన్న పెయింట్ యూనిట్, మిక్సర్లు రెండు. పెద్దదానిలో బ్యాచ్ 400 నుంచి 1000 కేజీలు, చిన్నదానిలో 300 నుంచి 600. కేజీకి ఖర్చు పెద్దదానిలో 12 రూపాయలు, చిన్నదానిలో 15.

ఏ మిక్సర్‌లో ఎన్ని కేజీలు చేస్తే ఖర్చు తగ్గుతుందో సాల్వర్ అనే ప్రోగ్రామ్‌తో లెక్క వేయిస్తాను. మొదట్లో బ్యాచ్ కింది హద్దు సున్నా పెట్టి ప్లాన్ వేశాను. 1200 కేజీల ఆర్డర్‌కు సాల్వర్ పెద్దదానికి 1000, చిన్నదానికి 200 ఇచ్చింది. ఆపరేటర్ కాగితం చూసి, "రెండొందలు పోస్తే బ్లేడు మునగదు సార్" అన్నాడు. సరేనని కింది హద్దు 300 చేశాను. అప్పుడు 700 కేజీలు చాలిన రోజున కూడా చిన్న మిక్సర్ తిరిగింది. 8400తో పోయేది 9300 అయింది.

ఇది తీరింది సెమీ కంటిన్యువస్‌తోనే. ఆ వేరియబుల్ సున్నా అయినా కావాలి, లేదా హద్దుల మధ్యయినా ఉండాలి. కింద `a` పెద్ద మిక్సర్ కేజీలు, `b` చిన్నదానివి.

```
Minimize
 cost: 12 a + 15 b
Subject To
 dem: a + b >= 1200
Bounds
 400 <= a <= 1000
 300 <= b <= 600
Semi-Continuous
 a b
End
```

జవాబు 900, 300. ఖర్చు 15,300. మొదటి ప్లాన్ 15,000 చూపింది కానీ దాన్ని నడపలేం. 700 కేజీల రోజున చిన్నది సున్నాకు పోతుంది.

ఆ చివరి సెక్షన్ మర్చిపోతే సాల్వర్ ఏ ఎర్రరూ ఇవ్వదు. ఏ మిక్సరూ ఏ రోజూ సున్నా కాకపోతే ముందు అక్కడే చూడండి. డిమాండ్ వరుసలో `>=` బదులు `=` పెడితే మరో చిక్కు. 200 కేజీల రోజున ఏ మిక్సరూ అంత తక్కువ చేయలేదు కాబట్టి పరిష్కారం లేదని వస్తుంది. `>=` ఉంటే చిన్నది 300 చేస్తుంది, మిగిలిన 100 స్టాకులోకి వెళ్తుంది.

నాకు నచ్చనిది ఒక్కటే. మిక్సర్ తిప్పిన ప్రతిసారీ కడగడానికి సాల్వెంట్ ఖర్చవుతుంది. బ్యాచ్ 300 అయినా 600 అయినా ఆ ఖర్చు ఒకటే. దాన్ని లెక్కలో కలపడానికి ఈ వేరియబుల్‌లో ఆన్, ఆఫ్ గుర్తు బయటికి కనపడదు. అందుకే అలాంటి చోట 0 లేదా 1 అయ్యే బైనరీ వేరియబుల్ `ya` నేనే రాస్తాను:

```
a - 1000 ya <= 0
a - 400 ya >= 0
```

కడిగే ఖర్చు `ya` పక్కన వేస్తే చాలు, `a`ను సెమీ అని చెప్పే పనిలేదు, కానీ Boundsలో దాని 400 హద్దు తీసేయాలి. అయితే 1000 స్థానంలో మిక్సర్ అసలు సామర్థ్యమే ఉండాలి. ఒకసారి నేను 1,00,000 పెట్టాను. `ya` 0.00001 అయినా సాల్వర్ సున్నాగానే ఒప్పుకుంటుంది కాబట్టి, మిక్సర్ ఆఫ్ అని చూపిస్తూనే ప్లాన్‌లో 1 కేజీ వచ్చింది.

ఒకే మిక్సర్‌లో రోజుకు రెండు మూడు బ్యాచ్‌లు వేసే వాళ్లకూ ఒక్క సెమీ వేరియబుల్ చాలదు. అక్కడ `ya` బదులు బ్యాచ్‌ల సంఖ్యను పూర్ణాంకంగా పెట్టాలి. కడిగే ఖర్చు లేని చోట, రోజుకు ఒకే బ్యాచ్ అయితే, నేను ఇప్పటికీ సెమీయే వాడుతున్నాను.