పార్కింగ్ బిల్డింగ్ రెండర్ కొనేటోళ్లు జర జాగ్రత్త, సాయంత్రం వ్యూ అని చెప్పి జాలీ షీట్ దగ్గర ముంచుతున్నరు

అన్నలు, వరంగల్, హన్మకొండ, కరీంనగర్ దిక్కు చిన్న ఆఫీసులు పెట్టుకొని డిజైన్ పనులు చేసుకునేటోళ్లు ఇది జర మొత్తం చదవుర్రి. హన్మకొండల ఒక కమర్షియల్ కాంప్లెక్స్ ఓనర్ పక్క ప్లాట్‌ల మల్టీ లెవల్ కార్ పార్కింగ్ కడ్తున్నడు, ముంగట మొత్తం పర్ఫొరేటెడ్ అల్యూమినియం షీట్, సైడుకు ఓపెన్ ర్యాంప్, మిగతాదంత ప్లాస్టర్ లేని కాంక్రీట్. బ్రోచర్ కోసం సాయంత్రం పూట వ్యూ ఒకటి కావాలన్నడు, మేం హైదరాబాద్ ఫ్రీలాన్సర్ ఒకాయనకు సగం అడ్వాన్స్ కొట్టి ఆర్డర్ ఇచ్చినం. పేరు రాస్తలేను, ఎందుకంటే ఇది ఒక్కని ముచ్చట కాదు, ఇట్లనే చేసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. ఎట్ల దొరకబట్టాల్నో తెలిస్తే పేరుతోని పనే లేదు.

బొమ్మ వచ్చినప్పుడు అందరికి మస్తు నచ్చింది, అది అబద్ధం కాదు. నీలం ఆకాశం, షీట్ హోల్స్‌ల నుంచి పసుపు లైటు, రోడ్డు మీద తడి, రెండు కార్లు. ఓనర్ అయితే అదే రోజు ఫ్లెక్సీ కొట్టిస్తనన్నడు. అసలు కత షీట్ సప్లయర్ బాలానగర్ నుంచి సాంపిల్ పీస్ పంపినంక మొదలైంది. ఓనర్ సాంపిల్‌ను చేతుల పట్టుకొని, ఫ్లెక్సీ దిక్కు చూసి, ఇది కాదు కద తమ్మీ, నాకు దాంట్ల ఉన్న షీట్ కావాలె అన్నడు. సప్లయర్‌కు ఫోన్ల బొమ్మ పంపిస్తే ఆయన నవ్విండు, "సార్, ఇవి హోల్సా, ఒక్కో దాంట్ల చాయ్ గ్లాస్ పడ్తది కద" అన్నడు.

ఆయన అన్నది నిజమేనా అని కూసొని కొలిచినం. ఇది ఎవరైనా చేసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు, బొమ్మను పెయింట్‌ల తెరిచి పిక్సెల్స్ లెక్కపెడ్తే చాలు. మా ఫ్లోర్ టు ఫ్లోర్ ఎత్తు 3.3 మీటర్లు, బొమ్మల ముంగటి గోడ మీద ఒక ఫ్లోర్ 250 పిక్సెల్స్ వచ్చింది, అంటే ఒక్క పిక్సెల్‌కు 13 మిల్లీమీటర్ల మీద కొంచెం. డ్రాయింగ్‌ల మేం రాసిచ్చిన షీట్ 3 ఎంఎం మందం, 10 ఎంఎం హోల్, సెంటర్ టు సెంటర్ పిచ్ 15 ఎంఎం, వరుసకు వరుస జరిపి కొట్టే స్టాగర్డ్ ప్యాటర్న్. అంటే మా హోల్ ఒక్క పిక్సెల్ కన్నా చిన్నది, ఆ దూరం నుంచి ఒక్కో హోల్ విడివిడిగ కనపడనే కనపడొద్దు, షీట్ మొత్తం పల్చటి పరదా లెక్క రావాలె. ఆయన బొమ్మల ఒక్కో హోల్ 5 పిక్సెల్స్ ఉన్నది, అంటే 66 ఎంఎం. కండ్లకు కొట్టొచ్చినట్టు కనపడాల్నని టెక్స్‌చర్‌ను ఆరింతలు పైననే సాగదీసి పెట్టిండు, క్లయింట్ ఆ డిజైన్ చూసే ఓకే చేసిండు, కానీ అసొంటి షీట్ మా ఎస్టిమేట్‌లనే లేదు.

ఇక్కడ ఒక మాట న్యాయంగ చెప్పాలె. షీట్ మీద హోల్స్‌ను నిజంగ మోడల్ చేయకుండ ఒపాసిటీ మ్యాప్‌తోని, అంటే నలుపు తెలుపు బొమ్మ పెట్టి నలుపు ఉన్నకాడ పారదర్శకం చేసుడు తప్పేం కాదు, అందరు చేస్తరు. మా షీట్‌కు చదరపు మీటర్‌కు 5100 హోల్స్ పైననే వస్తయి, ముంగటి గోడ 40 మీటర్ల వెడల్పు 13 మీటర్ల ఎత్తు, లెక్కేస్తే 26 లక్షల హోల్స్ దాటుతయి, అన్నీ చెక్కుకుంట కూసుంటే కంప్యూటర్ లేవది. పని తెల్సినోళ్లు ఒక్క ప్యానెల్ నిజంగ మోడల్ చేసి దాన్నే ఇన్‌స్టెన్స్ చేసుకుంట పోతరు, లేకపోతే కెమెరాకు దగ్గర ఉన్న ప్యానెల్స్ వరకు మోడల్ పెట్టి దూరంవాటికి మ్యాప్ పెడ్తరు, కానీ స్కేల్ మాత్రం డ్రాయింగ్‌లదే ఉంచుతరు. సైజు మార్చుడే మోసం, మ్యాప్ వాడుడు కాదు.

ఇగ సాయంత్రం సంగతి. పగటిపూట బయట వెలుతురు ఎక్కువ, లోపట చీకటి, అందుకే పర్ఫొరేటెడ్ షీట్ దూరం నుంచి గోడ లెక్కనే కనపడ్తది. పొద్దుగూకి లోపట లైట్లు ఏసినంక ఉల్టా అయితది, షీట్ మాయమైనట్టు అయి లోపలిదంత బయటపడ్తది. మా షీట్‌ల ఖాళీ శాతం 40 దగ్గర, లెక్క సులువే, హోల్ సైజును పిచ్‌తోని భాగించి, దాన్ని స్క్వేర్ చేసి, 90.7తోని గుణిస్తే స్టాగర్డ్ ప్యాటర్న్‌కు వస్తది. 40 శాతం ఖాళీ అంటే తక్కువేం కాదు, ఆ టైంల రోడ్డు మీద నిలబడి చూస్తే ఒక్కో ఫ్లోర్ కాడ స్లాబ్ అంచు నల్లటి పట్టీ లెక్క అడ్డంగ కనపడాలె, దాని మీద లైట్ పడ్డ సీలింగ్ అడుగు భాగం, నడుమ పిల్లర్ల నీడలు, పై ఫ్లోర్లకు పోతాంటే కార్లు తక్కువ సీలింగ్ ఎక్కువ కనపడుకుంట పోవాలె.

మా బొమ్మను పెద్దగ చేసి చూస్తే ఇవేవీ లేవు. కిందికెల్లి పై దాక ఎక్కడ చూసినా ఒకటే పసుపు, ఒక్క పిల్లర్ లేదు, ఒక్క స్లాబ్ లైన్ లేదు. షీట్ ఎనక ఒక వెలిగే ప్లేన్ నిలబెట్టి వదిలేసిండు, బిల్డింగ్ లోపట ఏం కట్టనే లేదు. ఓనర్‌కు చూపిస్తే లోపట పార్కింగ్ ఏది మరి అన్నడు, ఏం చెప్తం.

ఇంకో గుర్తు బిల్డింగ్ మూల కాడ దొరుకుతది. షీట్‌కు మందం ఉంటది కాబట్టి పక్కకెల్లి చూసేకొద్ది హోల్ సన్నబడి మూసుకపోతది, 10 ఎంఎం హోల్, 3 ఎంఎం మందం అయితే ఎదురుగ చూసేదానికన్న 73 డిగ్రీలు పక్కకు జరిగినంక అవతలిది అసలే కనపడదు. మా బొమ్మల సైడు గోడ దాదాపు అంచు మీదికెల్లే కనపడ్తది, అది ఘనంగ రేకు లెక్క ఉండాలె, కానీ అక్కడ కూడ హోల్స్‌ల నుంచి పసుపు లైటు సాఫ్‌గ వస్తున్నది. మందం లేని కాయితానికే అట్లయితది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎదురు వ్యూ ఒక్కటే కాకుండ మూల కాడ పక్క వ్యూ క్రాప్ కూడ ఫుల్ సైజుల అడగుర్రి, ఇది ఒక్కటి చూస్తే చాలావరకు తెలిసిపోతది.

ర్యాంప్ గురించి ఎక్కువ చెప్ప, లెక్క చూసి మీరే నవ్వుతరు. మా పిల్లర్ల నడుమ 8 మీటర్లు, బొమ్మల ర్యాంప్ రెండు బేలల్ల ఒక ఫ్లోర్ ఎక్కేసింది, అంటే 16 మీటర్లల్ల 3.3 మీటర్లు, దాదాపు 5కు 1 వాలు. మేం డ్రాయింగ్‌ల ఇచ్చింది 10కి 1, దానికి 33 మీటర్లు కావాలె. పైన, కింద వాలు మారేకాడ సగం వాలుతోని ట్రాన్సిషన్ ముక్క ఉండాలె, లేకపోతే బండి ముంగటి బంపర్ గీసుకపోతది, అది కూడ లేదు, పలక ఏటవాలుగ ఆనిచ్చినట్టు పెట్టిండు. మేం పంపిన ప్లాన్ తెరిచి చూసిండా లేడా అని అనుమానం.

కాంక్రీట్ అంచులు ఇంకో ముచ్చట. నిజమైన స్లాబ్ అంచు కత్తి లెక్క ఉండది, షట్టరింగ్ మూలల 20, 25 ఎంఎం పట్టీ కొట్టి అంచు ఏటవాలు చేస్తరు, అది లేకున్నా షట్టర్ ఇప్పేటప్పుడు మూల కొద్దిగ పగులుతది. సాయంత్రం పూట ఎండ ఉండది, ఆకాశం నుంచి వచ్చే మెత్తటి వెలుతురే, ఆ సన్నటి ఏటవాలు మీద పడి గీత లెక్క మెరుస్తది, ఆ గీతతోనే అది కాంక్రీట్ అని కండ్లు నమ్ముతయి. మోడల్‌ల బెవెల్ కొట్టినా, రౌండ్ ఎడ్జ్ షేడర్ పెట్టినా సరిపోతది, పెద్ద పనేం కాదు. మాకు వచ్చినదాంట్ల అంచులన్నీ బ్లేడ్ లెక్క, పైనుంచి కింద దాక ఒకటే బూడిద రంగు. షట్టరింగ్ ప్లైవుడ్ 8 ఫీట్లు 4 ఫీట్లు ఉంటది కాబట్టి జాయింట్ గీతలు ఆ లెక్కన రావాలె, ఇక్కడ ఒక్క ప్యానెల్ ఫ్లోర్ ఎత్తు కన్నా పెద్దగ వచ్చింది. స్లాబ్ అంచు కింద వాన నీళ్లు కారిన మరక ఒక్కటన్నా లేదు.

ఇంత చూసినంక నాకు అనుమానం వచ్చి కార్ల కింద చూసిన. టైర్ల పక్కపొంటి నీడ గీత గీసినట్టు షార్ప్‌గ ఉన్నది. పొద్దు మునిగినంక అసొంటి నీడ ఎట్లొస్తది? మన వరంగల్ కాడ సూర్యుడు దిగినంక ఆ నీలం వెలుతురు 20 నిమిషాలు, కొంచెం పైన ఉంటదంతే, ఆ టైంల నీడలుంటే కార్ కింద మెత్తగ నల్లబడుడే, ఒక దిక్కుకు పడ్డ నీడ ఉండది. అంటే పగటి రెండర్ తీసి ఫోటోషాప్‌ల నీలం చేసి, ఎనక వేరే ఆకాశం పెట్టి, లైట్లు బ్రష్‌తోని పూసి సాయంత్రం అని అమ్మిండు. లైట్లు వేరేగ తగ్గించి పెంచే ఫైల్ పంపు అని అడిగితే అది ఇయ్యం సార్ అన్నడు, ఉంటే కద ఇచ్చేటందుకు.

దిద్దమంటే మోడలింగ్ మల్ల చేయాలె, ఎక్స్‌ట్రా అయితది అన్నడు. ప్లాన్‌ల రాసిచ్చినదే అడుగుతున్నం కద అంటే మీరు బొమ్మ ఓకే చేసిన్రు అని మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపిండు. అందుకే చెప్తున్న, ఫోన్‌ల చిన్నగ వచ్చిన ప్రివ్యూకు ఓకే అని టైప్ చేయకుర్రి. ముందు రంగులు, ఆకాశం ఏం లేకుండ క్లే రెండర్ తెప్పించుకొని ర్యాంప్ పొడవు, ఫ్లోర్ ఎత్తు పిల్లర్లతోని కొల్చుకోర్రి. తర్వాత షీట్ ఒక్క ప్యానెల్ దగ్గరి వ్యూ, ఎనక లైట్ ఏసి, హోల్ సైజు, పిచ్, మందం రాసిచ్చినట్టు ఉన్నదా చూడుర్రి. ఈ రెండు అయినంకనే రెండో విడత పైసలు అని ఆర్డర్ మెసేజ్‌లనే రాయుర్రి. మా తర్వాతి ఆర్టిస్ట్‌కు అట్లనే రాసిచ్చినం, ఆ పిలగాడు ఏం గులగకుండ క్లే ముందు పంపిండు, షీట్ పరదా లెక్కనే వచ్చింది. ఓనర్‌కు మొదట్ల ఇది ఆ పెద్ద హోల్స్ బొమ్మంత అందంగ అనిపియ్యలేదు గానీ, సాంపిల్ పక్కన పెట్టి చూపిస్తే సంతకం పెట్టిండు. పాతాయనకు మిగతా సగం ఆపినం, ఆయన ఇంక బిల్లు క్లియర్ చేయమని మెసేజ్‌లు పెడ్తనే ఉన్నడు.