బస్తా మిషన్ వాల్వుకి రిలేనా, ట్రాన్సిస్టరా, ట్రయాకా?

గుణుపూర్ దగ్గర ఒక రైస్ మిల్లులో 50 కిలోల బస్తాలు నింపే మిషన్ ఉంది. తూకం పూర్తవగానే మిషన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, అంటే పీఎల్‌సీ, ఒక సోలెనాయిడ్ వాల్వుకి కరెంటు ఆపేస్తుంది, గాలి సిలిండర్ గేటుని మూస్తుంది. కొత్తగా పెట్టి రెండు నెలలు కాలేదు, ఆపరేటర్ ఫోన్ చేశాడు. "బాబూ, ఒక్కోసారి గేటు మూసుకోవట్లేదు, బియ్యం కిందికి పోతున్నాయి" అన్నాడు.

వెళ్లి చూస్తే పీఎల్‌సీ మీద ఆ అవుట్‌పుట్ లైటు ఆరిపోయి ఉంది, వాల్వు మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. మీటర్ పెడితే కాయిల్ దగ్గర నిండు 24 వోల్టులు ఉన్నాయి. పీఎల్‌సీని స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాను, గేటు టక్కున మూసుకుంది. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, లోపలి రిలే కాంటాక్టులు అతుక్కుపోతున్నాయి.

మిల్లు యజమాని అడిగిన ప్రశ్న సరైనదే. "రిలే మీద 2 ఆంపియర్లు అని రాసుంది, వాల్వు తీసుకునేది 0.2 ఆంపియర్లే కదా, ఎందుకు పాడైంది?" ఆ 2 ఆంపియర్లు బల్బు, హీటర్ లాంటి లోడుకి చెప్పే లెక్క. కాయిల్ సంగతి వేరు. అందులో కరెంటు పారుతున్నంత సేపు అయస్కాంత శక్తి నిల్వ ఉంటుంది. కాంటాక్టు విడిపోగానే ఆ కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు. దారి దొరికే దాకా వోల్టేజీ పెంచుకుంటూ పోతుంది, 24 వోల్టుల కాయిల్ కూడా ఆ క్షణంలో వందల వోల్టులు పుట్టిస్తుంది. విడిపోతున్న కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ వస్తుంది. ఏసీలో అయితే కరెంటు ప్రతి అర్ధ చక్రానికీ సున్నాకి వస్తుంది కాబట్టి రవ్వ ఆరడానికి వీలుంటుంది. డీసీలో ఆ సున్నా లేదు. పైగా కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారడం వల్ల లోహం ఒక కాంటాక్టు నుంచి రెండోదానికి మెల్లగా బదిలీ అవుతుంది. ఒక వైపు గుంట పడుతుంది, ఇంకో వైపు మొటిమ లేస్తుంది. ఆ రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుకున్న రోజు గేటు మూసుకోదు.

ఇప్పుడు లెక్క చూడండి. 12 సెకన్లకి ఒక బస్తా అంటే గంటకి 300, రోజుకి పది గంటలు నడిస్తే 3,000. 33 రోజుల్లో దాదాపు లక్ష సార్లు. చిన్న రిలేలకి నిండు లోడు మీద ఆయుష్షు సాధారణంగా లక్ష సార్ల దరిదాపుల్లోనే చెబుతారు. ఇక్కడ ఆ కరెంటు కాయిల్‌లోనే తిరిగి ఆరిపోయేలా దారి ఇచ్చే డయోడ్ కూడా పెట్టలేదు.

డయోడ్ పెట్టి రిలేనే ఉంచొచ్చు కదా అంటే, పెడితే కచ్చితంగా ఎక్కువ కాలం వస్తుంది. కానీ రోజుకి 3,000 సార్లు తెరిచి మూసే చోట అరిగే కాంటాక్టు అసలు ఎందుకు? ఇలాంటి డీసీ వాల్వుకి నా ఓటు ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌కే. అందులో కదిలే భాగం లేదు. అయితే రిలే సహించినంత మొరటుతనం ట్రాన్సిస్టర్ సహించదు. రిలే నెలల తరబడి రవ్వలు భరిస్తుంది, డయోడ్ లాంటి క్లాంప్ లేని ట్రాన్సిస్టర్ ఆ వోల్టేజీ పోటుకి మొదటి రోజే పోవచ్చు. చాలా పీఎల్‌సీల లోపల కొంత రక్షణ ఉంటుంది, అయినా కాయిల్ దగ్గరే ఒక 1N4007 డయోడ్ పెట్టడం నేను మానను. పోటుని పుట్టిన చోటే ఆపితే ప్యానెల్ దాకా వచ్చే వైరు పొడవునా గోల ఉండదు.

డయోడ్ పెడితే వాల్వు ఆలస్యంగా వదులుతుందని కొందరు భయపడతారు. నిజమే, కానీ ఎంత? కాయిల్ 120 ఓములు, ఇండక్టెన్స్ 1 హెన్రీ అనుకుందాం. కరెంటు ఐదో వంతుకి పడిపోయినప్పుడు వాల్వు వదులుతుందనుకుంటే, మామూలు డయోడ్‌తో దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. డయోడ్‌కి, 24 వోల్టులు దాటాకే దారి ఇచ్చే జీనర్‌ని ఎదురు దిక్కున సిరీస్‌లో కలిపితే సుమారు 4 మిల్లీసెకన్లే. తేడా 8 మిల్లీసెకన్లు. చివర్లో బియ్యం సెకనుకి కిలో చొప్పున జారుతున్నాయనుకుంటే, అది 8 గ్రాములు. పైగా ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది కాబట్టి తూకం సెట్టింగులో సర్దుకుపోతుంది. బస్తాకి జీనర్ అవసరం లేదు. అదే మిల్లులో నల్ల గింజని గాలితో ఎగరగొట్టే సార్టెక్స్ వాల్వులకైతే 8 మిల్లీసెకన్లు చాలా ఎక్కువ, పక్క గింజలు కూడా ఎగిరిపోతాయి. అక్కడ జీనర్ లాంటి వేగమైన ఏర్పాటు కావాల్సిందే. అప్పుడు ట్రాన్సిస్టర్ మీద 24కి ఇంకో 24 కలిసి దాదాపు 50 వోల్టులు పడతాయి, దానికి తగిన ట్రాన్సిస్టర్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక ఎలివేటర్ మోటార్ కాంటాక్టర్ దగ్గర నా అభిప్రాయం పూర్తిగా తిరగబడుతుంది. దాని కాయిల్ 230 వోల్టుల ఏసీ, రోజుకి ఇరవై సార్లు పడితే గొప్ప. అక్కడ రిలేనే హాయి. ఈ కాయిల్‌కి మాత్రం పొరపాటున కూడా డయోడ్ పెట్టకూడదు, అర్ధ చక్రం మొత్తం షార్టే. 100 ఓముల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో ఉండి పోటుని మింగే ఆర్‌సీ స్నబ్బర్ పెట్టాలి. కెపాసిటర్ మెయిన్స్‌కి నేరుగా వేసే ఎక్స్2 రకం అయి ఉండాలి.

దాన్ని ఎక్కడ పెట్టామన్నది చాలా ముఖ్యం. రిలే కాంటాక్టుకి అడ్డంగా పెడితే, కాంటాక్టు తెరిచి ఉన్నా కెపాసిటర్ గుండా 7 మిల్లీఆంపియర్ల దాకా కారుతూనే ఉంటుంది. కాంటాక్టర్‌కి అది లెక్కలోకి రాదు. కానీ 230 వోల్టుల చిన్న ప్లగ్ రిలే కాయిల్ తీసుకునేదే సుమారు 5 మిల్లీఆంపియర్లు, ఆపినా అది వదలకపోవచ్చు. కాయిల్‌కి అడ్డంగా పెడితే ఈ బెడదే లేదు.

ఇదే కాంటాక్టర్‌కి, కదిలే కాంటాక్టు లేకుండా ఏసీని ఆన్, ఆఫ్ చేసే ట్రయాక్ పెడితే? కాంటాక్టు అరగదని ఒక వైర్‌మన్ 16 ఆంపియర్ల ట్రయాక్ బోర్డు వేశాడు, కాంటాక్టర్ గరగరమంది. మొదటి కారణం ట్రయాక్ పెద్ద సైజే. అలాంటి ట్రయాక్ ఆన్ అయి నిలవడానికి 50 మిల్లీఆంపియర్ల దాకా కావాలి. చిన్న కాంటాక్టర్ పట్టుకున్నాక తీసుకునేది 35 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కలే. రెండోది, కాయిల్‌లో కరెంటు వోల్టేజీ కన్నా వెనకబడి నడుస్తుంది. కరెంటు సున్నాకొచ్చి ట్రయాక్ ఆగే క్షణానికి మెయిన్స్ వోల్టేజీ ఎత్తులో ఉంటుంది, అది ఒక్కసారిగా ట్రయాక్ మీద పడి దాన్ని మళ్లీ ఆన్ చేయగలదు. అందుకే ట్రయాక్‌కి మాత్రం స్నబ్బర్ దానికే అడ్డంగా ఉండాలి, కారే కరెంటుని భరించాలి. డీసీ వాల్వుకి ట్రయాక్ పెడితే ఒకసారి ఆన్ అయినది సప్లై తీసేదాకా ఆఫ్ కాదు. మిల్లులో ట్రయాక్‌కి నిజంగా తగిన చోటు వైబ్రేటర్ ఫీడర్. అది ఏసీ కాయిల్, తగినంత కరెంటు తీసుకుంటుంది, వేగం తగ్గించి పెంచాలంటే ప్రతి అర్ధ చక్రాన్నీ కోయాలి. ఆ పని రిలే చేయలేదు.

గుణుపూర్ మిషన్‌కి చివరికి ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ మాడ్యూల్ జోడించి, వాల్వు ప్లగ్గుల్లో డయోడ్‌లు పెట్టాం. రెండో వాల్వు ఆన్ చేయగానే 24 వోల్టుల సప్లై పడిపోయింది, డయోడ్ తిరగేసి పడింది. వెండి గీత ప్లస్ వైపు ఉండాలి. బిగించాక మీటర్‌తో చూస్తే తెలియదు, పక్కనున్న 120 ఓముల కాయిల్ వల్ల రెండు వైపులా ఒకేలా చూపిస్తుంది. అందుకే గీత ఎటుందో ప్లగ్గు మూయకముందే చూసుకోవాలి.