రెటిక్యులోసైట్ల లెక్కకు న్యూ మిథిలీన్ బ్లూ: కోనసీమ క్లినిక్కులో కొన్నేళ్ల వాడకం తరువాత

రక్తహీనత ఉన్న కుక్కలో ఎముక మజ్జ కొత్త కణాలను తయారుచేస్తోందో లేదో తేల్చుకోవడానికి కొన్నేళ్లుగా నేను, అప్పుడే మజ్జ నుంచి వచ్చిన లేత ఎర్రకణాలైన రెటిక్యులోసైట్లను చూపే న్యూ మిథిలీన్ బ్లూ రంగునే వాడుతున్నాను. దీని మీద ఎంత మక్కువ ఉందో, ఫలితాన్ని శాతంగా మాత్రమే రాసి పంపే రిపోర్టుల మీద నాకు అంత కోపం ఉంది.

అమలాపురం దగ్గరి పల్లె నుంచి, ఒంటినిండా పిడుదులతో, మూత్రం ముదురు రంగులో పోస్తున్న ఒక నాటు కుక్కను తీసుకువచ్చారు. రక్తంలో ఎర్రకణాల వాటాను చెప్పే పీసీవీ 12 శాతం, ఎర్రకణాలు మైక్రోలీటరుకు 18 లక్షలు, రెటిక్యులోసైట్లు 3 శాతం. బయటి ల్యాబు ఆ మూడు శాతాన్ని చూసే ‘రీజెనరేటివ్’, అంటే మజ్జ స్పందిస్తోంది అని రాసింది. ఎర్రకణాల సంఖ్య పడిపోయినప్పుడు, మజ్జ ఏమీ చేయకపోయినా శాతం పెరిగినట్లు కనిపిస్తుంది. 18 లక్షలలో 3 శాతం 54,000 మాత్రమే. మజ్జ స్పందిస్తోందనడానికి సాధారణంగా 60,000 దాటాలి.

అలాగని నాన్ రీజెనరేటివ్ అనడానికీ వీల్లేదు. కుక్క నీరసపడి రెండు రోజులే అయిందని యజమాని చెప్పారు. మజ్జ స్పందన రక్తంలో కనిపించడానికి మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. స్మియరులో గుండ్రంగా మారిన ఎర్రకణాలైన స్ఫెరోసైట్లు, కొన్ని కణాలలో బబీసియా గిబ్సోనీ అనే పరాన్నజీవి చిన్న ఉంగరాలు ఉన్నాయి, కొత్తగా వచ్చిన, నీలి ఛాయగల పెద్ద కణాలు మాత్రం అరుదుగా కనిపించాయి. కణాలు పగులుతున్నాయి, మజ్జకింకా వ్యవధి చాలలేదన్నమాట. చికిత్స మొదలుపెట్టి నాలుగు రోజుల తరువాత చూస్తే పీసీవీ అదే 12, కాని 17 లక్షలలో 11 శాతం, అంటే 1,87,000 రెటిక్యులోసైట్లు. స్మియరులో ప్రతి ఫీల్డులోనూ నీలి కణాలే. రక్తం పెరగలేదని కంగారుపడుతున్న యజమానికి ధైర్యం చెప్పడానికి ఆ అంకె ఒక్కటే ఆధారమైంది.

అయితే 54,000 అన్న అంకెను మరీ నిక్కచ్చిగా తీసుకోకూడదు. వెయ్యి కణాలు లెక్కపెడితే దొరికినవి ముప్పై. మరో వెయ్యిలో పాతికో ముప్పై అయిదో దొరకవచ్చు, అప్పుడు ఫలితం 45,000 నుంచి 63,000 దాకా ఊగుతుంది. 60,000 గీత దగ్గర పడిన లెక్కను నేను మరో వెయ్యి కణాలతో సరిచూస్తాను. రంగును వడకట్టకపోతే దాని మడ్డి కూడా కణాల మీద, రెటిక్యులోసైట్లలో కనిపించే నీలి వల అయిన రెటిక్యులం లాగానే కూర్చుంటుంది. ఇక వానాకాలంలో మన గాలి తేమకు మెథనాల్ చెడి, మామూలు స్మియరులో ఎర్రకణాల మీద మెరిసే మచ్చలు వస్తాయి. ఫోకస్ కదిపితే తళుక్కుమనేవి పరాన్నజీవులు కావు.

కేంద్రకం ఉన్న ఎర్రకణాలు కనబడగానే స్పందన అనేవారున్నారు. నీలి కణాలు లేకుండా అవి మాత్రమే ఉంటే నేను ఒప్పుకోను.

రోజుకు ఒకటి రెండు కేసులు, మైక్రోస్కోపు ముందు కూర్చునే తీరిక ఉన్న నాబోటి వారికి ఈ రంగు చాలు. కేసులు ఎక్కువైనచోట యంత్రమే నయం కావచ్చు, కాని అక్కడ కూడా స్మియరు చూడక తప్పదు. దీర్ఘకాలిక ఎర్లీకియా జబ్బుతో వచ్చిన కుక్కలో మాత్రం వారం ఆగి మళ్లీ లెక్కపెట్టినా అంకె పెరగకపోతే, ఈ రంగు చెప్పగలిగింది అంతే. కారణం కోసం మజ్జ పరీక్షకు పంపవలసిందే.